పాలకూర ఉడికించి వార్చడం: కిడ్నీలో రాళ్లున్నవారికి

అందరికీ నమస్కారం. ఈ సభలో కూర్చున్నవారిలో చాలామందికి ఒకసారైనా కిడ్నీలో రాయి వచ్చి ఉంటుంది, లేదా ఇంట్లో ఎవరికో వచ్చి ఉంటుంది. ఆసుపత్రి నుంచి బయటకు వచ్చేటప్పుడు చేతిలో ఒక కాగితం పెడతారు. అందులో పాలకూర వద్దు అని ఉంటుంది. ఇంటికి రాగానే చుట్టుపక్కలవాళ్లు టమాటా వద్దంటారు, పాలు పెరుగు మానేయమంటారు, గింజలున్నవేవీ ముట్టుకోవద్దంటారు. నెల తిరిగేసరికి కంచంలో చారన్నం తప్ప ఏమీ మిగలదు. ఆ తర్వాత విసుగొచ్చి అన్నీ మళ్లీ మొదలుపెడతారు. రెండేళ్లకు ఇంకో రాయి.

ఈరోజు అన్ని ఆహారాల గురించీ చెప్పను. ఒక్క పాలకూర పప్పును తీసుకుందాం. దాని అన్నదమ్ముడైన బీట్‌రూట్ ఆకునూ పక్కన పెట్టుకుందాం. ఆ గిన్నెలో ఏం జరుగుతోందో సరిగ్గా అర్థమైతే, మిగతా ఆకుకూరల సంగతి మీరే తేల్చుకోగలరు.

ముందు ఆక్సలేట్ అంటే ఏమిటో చూద్దాం. పచ్చి పాలకూర నాలుగు ఆకులు నమిలితే పళ్ల మీద సుద్ద రాసినట్టు గరగరలాడుతుంది కదా. ఆకులోని ఆక్సలేట్ నోటిలోని లాలాజలంలో ఉన్న కాల్షియంతో కలిసి సన్నటి పలుకులుగా మారడం వల్ల అలా అనిపిస్తుందని చెబుతారు. చేమదుంప సరిగ్గా ఉడక్కపోతే గొంతు దురద పెట్టేదీ ఈ కుటుంబానికి చెందినదే. అక్కడ కాల్షియం ఆక్సలేట్ సూదుల్లాంటి స్ఫటికాలుగా దుంపలోనే తయారై ఉంటుంది. మొక్క తన అవసరం కోసం తయారు చేసుకునే పదార్థం ఇది. మనకు దీని వల్ల ఏ పోషణా లేదు. ఒంట్లోకి చేరితే దాన్ని మన శరీరం విరగ్గొట్టలేదు. మూత్రంలోనే బయటకు పంపాలి.

ఆకులో ఇది రెండు రకాలుగా ఉంటుంది. ఈ తేడా పట్టుకుంటే ఈరోజు చెప్పేదంతా తేలిక. ఒకటి నీళ్లలో కరిగేది. అది సోడియంతోనో పొటాషియంతోనో జతకట్టి ఆకు కణాల్లోని రసంలో ఉంటుంది. రెండోది కరగనిది. అది అప్పటికే కాల్షియంతో గట్టిగా ముడిపడి పలుకుగా మారి ఉంటుంది. కరగనిది చాలావరకు పేగుల్లోంచి అలాగే దాటి మలంలో పోతుంది. కరిగేది పేగు గోడ దాటి రక్తంలోకి వెళుతుంది, అక్కడి నుంచి కిడ్నీకి. రాయి ఉన్నవారు భయపడాల్సింది ఎక్కువగా కరిగేదాని గురించి. అదృష్టవశాత్తూ, ఉడికించిన నీళ్లలోకి దిగిపోయేదీ అదే.

ఇప్పుడు కిడ్నీ దగ్గరికి వద్దాం. కిడ్నీ రాళ్లలో ఎక్కువ భాగం కాల్షియం రాళ్లు, వాటిలోనూ ఎక్కువ కాల్షియం ఆక్సలేట్ రాళ్లు. యూరిక్ యాసిడ్ రాళ్లు, ఇన్ఫెక్షన్ వల్ల వచ్చే రాళ్లు, సిస్టీన్ రాళ్లు వేరే ఉన్నాయి. వాటికి కారణం వేరు, పథ్యం వేరు. అందుకే మూత్రంలో రాయి పడితే పారేయకండి. టీ వడకట్టే జల్లెడ లాంటిది ఒకటి పాతది పక్కన పెట్టుకుని అందులోంచి మూత్రం పోస్తే ఇసుక రేణువంత రాయి కూడా దొరుకుతుంది. దాన్ని కడిగి, ఆరబెట్టి, చిన్న డబ్బాలో డాక్టరుగారికి ఇవ్వండి. పరీక్ష చేయిస్తే అది ఏ రాయో తెలుస్తుంది. యూరిక్ యాసిడ్ రాయి ఉన్నవారు పాలకూర మానేసి మాంసం తగ్గించకపోతే ఏం లాభం?

ఆరోగ్యంగా ఉన్నవారి మూత్రంలో రోజుకు ఆక్సలేట్ సాధారణంగా 40 మిల్లీగ్రాముల లోపు ఉంటుంది. కొన్ని ల్యాబులు 45 అని రాస్తాయి. ఇందులో కొంత మన కాలేయం తయారు చేసేదే, తిండి మానేసినా అది వస్తూనే ఉంటుంది. మిగతాది తిండి నుంచి వచ్చేది. చూడండి, 40 అనేది ఎంత చిన్న అంకో. చిటికెడు ఉప్పు కన్నా తక్కువ. ఇంత చిన్న మొత్తానికి తిండి నుంచి ఇంకో ఇరవయ్యో ముప్పయ్యో తోడైతే మూత్రం ఒక్కసారిగా చిక్కబడుతుంది. పంచదార ఎక్కువైన పాకం అడుగున గడ్డకట్టినట్టు, ఇక్కడ స్ఫటికాలు కడతాయి. నీళ్లు తక్కువ తాగే మన ఎండాకాలంలో పాకం ఇంకా త్వరగా ముదురుతుంది.

ఇక ఆకుల సంగతి. మన బజారులో పాలకూర అని అమ్మేదాంట్లో చాలావరకు, అంటే గుండ్రటి దళసరి నున్నటి ఆకులున్న రకం, నిజానికి బీట్‌రూట్ జాతి మొక్క. వృక్షశాస్త్రంలో రెండింటి పేరూ బీటా వల్గారిస్. దుంప కోసం పెంచితే బీట్‌రూట్, ఆకు కోసం పెంచితే మన పాలకూర. విదేశాల్లో స్పినాచ్ అని ప్యాకెట్లలో దొరికేది స్పినాసియా అనే వేరే మొక్క, కానీ అదీ ఈ కుటుంబంలోదే. తోటకూర, చక్రవర్తి కూర కూడా ఇందులోవే. కాబట్టి పాలకూర వద్దన్నారు కదా అని బీట్‌రూట్ కట్టకున్న ఆకులు కోసి వేపుడు చేసుకుంటే, పేరు మారింది గానీ ఆకు మారలేదు. బీట్‌రూట్ ఆకు పారేయకుండా వండుకోవడం మంచి అలవాటే. రాయి ఉన్నవారి కంచంలో మాత్రం దాన్ని పాలకూరతో సమానంగానే లెక్కపెట్టాలి.

ఎంత ఉంటుంది? నేల, ఎరువు, ఆకు వయసు, కొలిచిన పద్ధతి, వీటిని బట్టి అంకె చాలా మారుతుంది. పచ్చి పాలకూర 100 గ్రాములకు మొత్తం ఆక్సలేట్ 600 నుంచి 1000 మిల్లీగ్రాముల దాకా, కొన్ని కొలతల్లో అంతకు పైగా కూడా వచ్చింది. అందులో సగానికి పైగా కరిగే రకమే. మన లెక్క కోసం 100 గ్రాముల ఆకులో మొత్తం 800, అందులో కరిగేది 600 అనుకుందాం. క్యాబేజీ, సొరకాయ, బీరకాయ లాంటివాటిలో ఇది చాలా తక్కువ. మెంతికూర, కొత్తిమీర, మునగాకు లాంటివాటిలో ఆక్సలేట్ ఉన్నా, అది కరగని రూపంలోనే ఉన్నట్టు కొలతల్లో తేలింది. ఆకుకూరలన్నిటినీ ఒకే గాటన కట్టి మానేయడం ఎందుకు తప్పో ఇక్కడే తెలుస్తుంది.

ఇప్పుడు గిన్నె దగ్గరికి.

ఉడికిస్తే ఆక్సలేట్ చచ్చిపోతుందని చాలామంది అనుకుంటారు. చావదు. మన వంటింటి వేడికి అది విరగదు, ఆవిరై పోదు. వేడి చేసే పని ఒకటే: ఆకు కణాల పొరలు పగలగొట్టడం. పొర పగిలితే లోపలి రసం బయటికి వస్తుంది, ఆ రసంతోపాటు కరిగే ఆక్సలేట్ చుట్టూ ఉన్న నీళ్లలోకి దిగుతుంది. ఆ నీళ్లు పారబోస్తే అది పోయినట్టు. పారబోయకపోతే గిన్నె మారింది, అంతే. 2005లో అమెరికాలో ఛాయ్, లీబ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు పాలకూర, బీట్‌రూట్, క్యారెట్, బంగాళదుంప వంటి కూరగాయలను నీళ్లలో ఉడికించి, ఆవిరి మీద ఉడికించి, రెండు విధాలా కొలిచారు. నీళ్లలో ఉడికించినప్పుడు కరిగే ఆక్సలేట్ కూరగాయను బట్టి 30 నుంచి 87 శాతం దాకా తగ్గింది. ఆవిరి మీద 5 నుంచి 53 శాతమే తగ్గింది. వాళ్లు ఇంకో పని కూడా చేశారు. ఉడికించిన నీళ్లనూ కొలిచారు. కూరగాయ పోగొట్టుకున్న ఆక్సలేట్ దాదాపు మొత్తం ఆ నీళ్లలోనే దొరికింది.

ఇప్పుడు మన పాలకూర పప్పు ఎలా చేస్తాం? కందిపప్పు కడిగి, ఆకు తరిగి, పచ్చిమిర్చి, టమాటా, పసుపు అన్నీ కుక్కర్లో వేసి, కొలిచి నీళ్లు పోసి, మూడు విజిళ్లు. మెత్తగా ఉడుకుతుంది. కానీ ఒక్క చుక్క నీరు బయటికి పోదు. ఆకులో ఉన్నదంతా పప్పులో ఉంది. కుక్కర్లో ఎన్ని విజిళ్లు రానిచ్చినా ఆక్సలేట్ విషయంలో అది పచ్చి ఆకుతో సమానం. "బాగా ఉడికించే తింటున్నామండీ" అని చెప్పేవారు మోసపోయేది ఇక్కడే. పూర్వం అన్నం వండి గంజి వార్చేవారు కదా, ఆకు విషయంలో మనకు కావలసింది ఆ వార్చడం.

నలుగురికి పప్పు చేసే లెక్క చూద్దాం. వేళ్లు, ముదురు కాడలు తీసేశాక 200 గ్రాముల ఆకు. మనిషికి 50 గ్రాములు. మన లెక్క ప్రకారం ఒక్కొక్కరి వాటాలో మొత్తం ఆక్సలేట్ 400, కరిగేది 300 మిల్లీగ్రాములు. పేగు ఎంత పీల్చుకుంటుందనేది మనిషికీ మనిషికీ మారుతుంది, తోడు ఏం తిన్నారన్నదాన్ని బట్టీ మారుతుంది. కరిగేదాంట్లో పదో వంతు అనుకుందాం. 30 మిల్లీగ్రాములు మూత్రంలోకి. రోజంతా కలిపి 40 లోపు ఉండాలన్నాం. ఒక్క పూట పప్పుతోనే ఆ హద్దులో ముప్పావు వంతు నిండింది. కాలేయం తయారు చేసేది దీనికి అదనం.

అదే ఆకును వార్చి వండితే? పెద్ద గిన్నెలో రెండు లీటర్ల నీళ్లు పెట్టండి. ఆకు బరువుకు పదింతల నీళ్లు, అంటే 100 గ్రాములకు లీటరు. ఈలోగా ఆకును శుభ్రంగా కడిగి వేలెడు వెడల్పున తరగండి. కడిగాక తరగాలి, తరిగాక కడిగితే మట్టి లోపల ఇరుక్కుంటుంది. నీళ్లు కళపెళా మరిగాక ఆకు వేయండి. ఒకసారి కలిపితే అంతా కిందికి దిగుతుంది. మరుగు మళ్లీ వచ్చాక ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు ఉంచండి. నీళ్లు ఆకుపచ్చగా మారతాయి, కాడ వేళ్ల మధ్య నొక్కితే నలుగుతుంది. వెంటనే చిల్లుల గిన్నెలోకి వార్చేయండి. గరిటె వెనకవైపుతో అదిమి మిగతా నీళ్లు కూడా దింపండి. ఈ అదమడం మరిచిపోవద్దు. ఉడికిన ఆకు స్పాంజిలాగా నీళ్లు పట్టుకుంటుంది, ఆ నీళ్లలోనే మనం వదిలించుకోవాలనుకున్నది ఉంది. పప్పు విడిగా కుక్కర్లో ఉడికించుకుని, మెదిపి, ఈ ఆకు కలిపి, తాలింపు పెట్టి, ఉప్పు అప్పుడు వేయండి.

ఇలా చేస్తే కరిగేది 60 శాతం పోయిందనుకుందాం. 300 కాస్తా 120 అయింది. పదో వంతు పీల్చుకుంటే 12 మిల్లీగ్రాములు. ఒక గిన్నె, పది నిమిషాలు, రెండు లీటర్ల నీళ్లు, వీటితో 30 నుంచి 12కి వచ్చాం. రుచిలో తేడా ఉందా అంటే, పచ్చి వాసన, నోటిలో గరగర తగ్గుతాయి. ఆ గరగర తగ్గడం ఒక గుర్తు, కొలత మాత్రం కాదు.

ఎక్కడ తప్పు జరుగుతుందో చెబుతాను, ఎందుకంటే వార్చామని చెప్పేవారిలో సగంమంది నిజంగా వార్చి ఉండరు. మొదటిది, అర గ్లాసు నీళ్లలో ఆకు మగ్గబెట్టి, నీళ్లన్నీ ఇగిరిపోయేదాకా ఉంచడం. నీళ్లు ఇగిరినా ఆక్సలేట్ ఇగరదు, ఆకు మీదే మిగిలిపోతుంది. రెండోది, పాలకూర గంట సేపు చల్లటి నీళ్లలో నానబెట్టి సరిపోయిందనుకోవడం. కణాల పొరలు పగలకుండా లోపలిది బయటికి రాదు. కడగడం మట్టికీ మందు అవశేషాలకీ మంచిది, దీనికి మాత్రం చాలదు. మూడోది, మంచి నీళ్లు పోవడం ఎందుకని వార్చిన నీళ్లతో చారు కాయడం, చపాతీ పిండి కలపడం, పాలక్ పనీర్ గ్రేవీలో పోయడం. మన అమ్మలు, అమ్మమ్మలు కూర నీళ్లు పారబోయొద్దన్నారు, ఆ మాట నిజం. ఆ నీళ్లలో విటమిన్లూ ఉంటాయి. కానీ రాయి ఉన్న మనిషికి వండేటప్పుడు ఆ ఒక్క మాట పక్కన పెట్టాల్సిందే. ఇంట్లో ఒకరికే రాయి ఉంటే ఆకు అందరికీ కలిపి వార్చి, ఆ నీళ్లు చల్లార్చి మొక్కలకు పోయండి.

వార్చిన తర్వాత రెండో కాపలాదారు ఉన్నాడు, కాల్షియం. ఇక్కడ చాలామంది పొరబడతారు. రాయిలో కాల్షియం ఉంది కాబట్టి పాలు, పెరుగు మానేయాలనుకుంటారు. పేగులో ఏం జరుగుతుందో చూడండి. అన్నంతోపాటు కాల్షియం ఉంటే, కరిగే ఆక్సలేట్ దాన్ని పట్టుకుని అక్కడే కరగని పలుకుగా మారి మలంలో పోతుంది. పేగులో కట్టాల్సిన రాయి పేగులోనే కట్టి బయటికి పోయినట్టు. పేగులో కాల్షియం లేకపోతే ఆక్సలేట్ ఖాళీ చేతులతో రక్తంలోకి వెళ్లి, కిడ్నీలో కాల్షియాన్ని కలుస్తుంది. ఇటలీలో 120 మంది మగవారి మీద, మళ్లీ మళ్లీ కాల్షియం ఆక్సలేట్ రాళ్లు వచ్చినవారి మీద ఐదేళ్లు పరీక్షించి 2002లో ఫలితాలు ప్రకటించారు. కాల్షియం బాగా తగ్గించిన 60 మందిలో 23 మందికి రాయి తిరిగి వచ్చింది. మామూలు కాల్షియం తింటూ ఉప్పు, మాంసం తగ్గించిన 60 మందిలో 12 మందికే వచ్చింది.

ఎంత కాల్షియం కావాలి? 88 మిల్లీగ్రాముల ఆక్సలేట్‌ను కట్టడానికి 40 మిల్లీగ్రాముల కాల్షియం చాలు. వార్చిన పప్పులో మిగిలిన 120కి సుమారు 55 మిల్లీగ్రాములు. 100 గ్రాముల పెరుగులో దాదాపు 120 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఒక చిన్న గిన్నె పెరుగు కాగితం మీద రెండు రెట్లు సరిపోతుంది. వార్చకుండా చేసిన పప్పులోని 300కి 136 కావాలి, ఆ గిన్నె చాలదు. పేగులో కాగితం మీద లెక్కంత కచ్చితంగా జరగదు, కాల్షియంలో కొంత వేరేవాటితో కలుస్తుంది. అందుకే కొంచెం మిగులు ఉండేలా చూసుకోవాలి. మన భోజనం దీనికి ముందే అమరి ఉంది. పప్పన్నంతో మొదలై పెరుగన్నంతో ముగుస్తుంది, రెండూ కడుపులో కలుస్తాయి. పెరుగు మానేసిన రోజే ఆ అమరిక చెడింది. ఒక్క జాగ్రత్త: మజ్జిగ మరీ పలచగా చేసుకుంటే, గ్లాసుకు రెండు చెంచాల పెరుగే పడితే, కాల్షియం కూడా రెండు చెంచాలదే.

కాల్షియం మాత్ర వేసుకునేవారు డాక్టరుగారితో మాట్లాడి, భోజనంతోనే వేసుకునేలా చూసుకోండి. ఖాళీ కడుపున, పడుకోబోయే ముందు వేసుకుంటే పట్టుకోవడానికి అక్కడ ఆక్సలేట్ ఉండదు, కాల్షియం మాత్రం మూత్రంలోకి వెళుతుంది.

వార్చడానికీ హద్దులున్నాయి, అవి దాచకూడదు. కరగని ఆక్సలేట్ నీళ్లలోకి పెద్దగా దిగదు. పూర్తిగా వార్చిన పాలకూరలో కూడా మొత్తం ఆక్సలేట్ ఇతర కూరగాయలకన్నా ఎక్కువే ఉంటుంది. మూత్ర పరీక్షలో ఆక్సలేట్ ఎక్కువ వచ్చినవారు, ఇప్పటికే రెండు మూడు రాళ్లు వచ్చినవారు వార్చి అయినా రోజూ తినకూడదు. మానేయడమే తేలిక, లేకపోతే అప్పుడప్పుడు, చిన్న వాటా. ఒక్క రాయి వచ్చి, పరీక్షలో ఆక్సలేట్ మామూలుగా ఉన్నవారు వార్చి, పెరుగుతో, వారానికి ఒకసారి తింటే బెంగపడనక్కర్లేదు. పేగుకు ఆపరేషన్ అయినవారు, బరువు తగ్గడానికి బైపాస్ చేయించుకున్నవారు, మలంలో కొవ్వు పోయే జబ్బులున్నవారు మాత్రం వేరే లెక్క. వాళ్ల పేగులో జీర్ణం కాని కొవ్వు కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, ఆక్సలేట్ స్వేచ్ఛగా లోపలికి పోతుంది. వాళ్లకు ఈ ఆకులు పూర్తిగా వద్దు.

ఆకుపచ్చ జ్యూసుల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. పచ్చి పాలకూర, బీట్‌రూట్ ఆకు మిక్సీలో వేసి పరగడుపున తాగడం. వార్చడం లేదు, పెరుగు లేదు, వేడి చేయాల్సిన పని మిక్సీ బ్లేడు చేసేసింది. రెండు కట్టలు ఒక గ్లాసులో పడతాయి. అమెరికాలో 65 ఏళ్ల ఒకామె ఇలాంటి జ్యూసులతో ఒళ్లు శుభ్రం చేసుకోవాలని మొదలుపెట్టి, కిడ్నీ కణజాలంలో ఆక్సలేట్ పేరుకుని, చివరికి రెండు కిడ్నీలూ పని మానేసిన ఉదంతాన్ని 2018లో వైద్య పత్రికలో ప్రచురించారు. ఆమెకు అంతకుముందు బరువు తగ్గే బైపాస్ అయింది, చాలాకాలం యాంటీబయాటిక్స్ వాడింది. అందరికీ అలా అవుతుందని అర్థం కాదు. అలాంటి చరిత్ర ఉన్నవారికి ఆకు జ్యూస్ మందు కాదని మాత్రం స్పష్టం.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒకరు: టమాటా, పాలకూర కలిపి వండితేనే రాళ్లు వస్తాయంటారు కదండీ?)

చాలా ఇళ్లలో ఈ మాట ఉందమ్మా. టమాటాలో ఆక్సలేట్ పాలకూరతో పోలిస్తే బహు స్వల్పం. గింజలు రాళ్లుగా మారడం కూడా జరగదు, అవి పేగులోంచి పోతాయి, కిడ్నీకి దారే లేదు. ఆ జంటలో భారమంతా పాలకూరదే. టమాటా తీసేసి పాలకూర కుక్కర్లో వండుకునే ఇంటికన్నా, టమాటా వేసి పాలకూర వార్చుకునే ఇల్లే నయం. చుక్కకూర సంగతి వేరు. ఆ పులుపులోనే ఆక్సాలిక్ ఆమ్లం ఉంది. వారిస్తే పులుపు పోతుంది, వార్చకపోతే అది ఉంటుంది. రాయి ఉన్నవారు దాన్ని వదిలేసి, పులుపు కావాలంటే పప్పులో మామిడికాయో నిమ్మరసమో వేసుకోవడం మేలు. నిమ్మలో ఉండే సిట్రేట్ రాయి కట్టకుండా అడ్డుపడుతుంది కూడా.

(ఇంకొకరు: వారిస్తే బలమంతా పోతుంది కదా?)

కొంత పోతుంది, నిజమే. సి విటమిన్, ఫోలేట్, పొటాషియం నీళ్లలోకి దిగుతాయి. ఎ విటమిన్‌గా మారే కెరోటిన్, పీచు, కె విటమిన్ ఆకులోనే నిలబడతాయి. పోయిన సి విటమిన్ ఒక జామకాయతో వస్తుంది. పాలకూరలో కాల్షియం బాగా ఉందని తినేవారికి ఒక మాట. ఆ కాల్షియాన్ని ఆక్సలేట్ పట్టేసుకుని ఉంటుంది. పాలలోని కాల్షియంలో నాలుగో వంతుకు పైగా ఒంటికి పడితే, పాలకూరలోది 5 శాతమే పడినట్టు కొలిచారు. అందుకని ఎముకల కోసం పాలకూర మీద ఆధారపడకండి. అలాగే సి విటమిన్ మాత్రలు రోజుకు 1000 మిల్లీగ్రాములు వేసుకోవడం రాయి ఉన్నవారికి మంచిది కాదు, ఎక్కువైన సి విటమిన్‌లో కొంత ఒంట్లోనే ఆక్సలేట్‌గా మారుతుంది.

(ఒక పెద్దాయన: బీట్‌రూట్ దుంప కూడా మానేయాలా?)

దుంపలో ఆకుకన్నా బాగా తక్కువండీ, కానీ లేదనలేం. చెక్కు తీసి ముక్కలు కోసి, నీళ్లలో ఉడికించి ఆ ఎర్ర నీళ్లు పారబోసి, కూర చేసుకోండి. వారానికి ఒకసారి కొద్దిగా. బీట్‌రూట్ జ్యూస్ మాత్రం వద్దు. ఇంకో సంగతి, బీట్‌రూట్ తిన్న మర్నాడు కొందరికి మూత్రం ఎర్రగా వస్తుంది. రాయి మనిషి కదా, రక్తమనుకుని హడలిపోతారు. బీట్‌రూట్ తిని ఉంటే ఒకటి రెండు రోజులు చూడండి. తినకుండానే ఎరుపు కనిపిస్తే, లేదా నొప్పి, జ్వరం తోడైతే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

(మరొకరు: నాకు ఆక్సలేట్ ఎక్కువుందో లేదో ఎలా తెలుస్తుంది?)

24 గంటల మూత్ర పరీక్ష చేయించాలి. ఇది చేసేటప్పుడు రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. ఒకటి, పరీక్ష అనగానే నాలుగు రోజులు పథ్యం ఉంటారు. అలా చేస్తే పథ్యంలో ఉన్న మనిషి ఫలితం వస్తుంది, మామూలు రోజుల మీది రాదు. ఎప్పటిలాగే తిని, తాగి ఇవ్వండి. రెండోది, సేకరించడం. పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రం పారబోసి, ఆ సమయం రాసుకోండి. అక్కడి నుంచి పగలు, రాత్రి వచ్చిన ప్రతి చుక్కా ల్యాబు ఇచ్చిన డబ్బాలో పోయాలి. మర్నాడు అదే సమయానికి వచ్చే మొదటి మూత్రం కూడా అందులో పోస్తే పూర్తవుతుంది. ఆక్సలేట్ కొలవడానికి డబ్బాలో ముందుగానే యాసిడ్ వేసి ఇస్తారు చాలాచోట్ల. దాన్ని ఒంపేయకండి, చేతికి తగలనివ్వకండి. వేరే మగ్గులో పట్టి అందులో పోయండి. ఒక్కసారి మధ్యలో మరిచిపోయి బాత్రూంలో పోస్తే, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

ఫలితంలో మూడు చూడండి: ఆక్సలేట్ ఎంత, సిట్రేట్ ఎంత, మొత్తం మూత్రం ఎంత. ఆఖరిది చాలామంది చూడరు. రాయి ఉన్నవారికి రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం రావాలి. లీటరే వచ్చిందంటే, పాలకూర ఎంత బాగా వార్చినా మూత్రంలో పాకం చిక్కగానే ఉన్నట్టు. గుండె బలహీనంగా ఉన్నవారు, డయాలిసిస్‌లో ఉన్నవారు తప్ప మిగతావారంతా ముందు ఆ నీళ్ల లోటు పూడ్చి, మూడు నెలల తర్వాత అదే పరీక్ష మళ్లీ ఇవ్వండి. అప్పటికి వార్చడం అలవాటై ఉంటే, ఆ అంకె ఎంత దిగిందో మీ కాగితాల్లో మీకే కనిపిస్తుంది.